అరికాలిలో నొప్పి లేని నల్లమచ్చ, ఏడు నెలలైంది. డాక్టరుకు చూపించాలా?

పోపులడబ్బా
నా వయసు 24. అమీర్‌పేటలో ఒక హాస్టల్ మెస్‌లో వంట చేస్తాను. రోజూ 120 మందికి మూడు పూటలా వండాలి. తెల్లవారుజామున నాలుగింటికి నిలబడితే రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చునేది చాలా తక్కువ. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, చెప్పులు జారుతాయి, అందుకని వంటగదిలో చెప్పులు వేసుకోను.

పోయిన జూన్ చివర్లో కాలి మీద వేడి పప్పు ఒలికింది. కాలిందేమోనని పాదం తిప్పి చూసుకుంటే ఎడమ అరికాలి మధ్యలో, గుంటగా ఉండే చోట, మిరపగింజంత నల్లటి మచ్చ కనిపించింది. ముందురోజే రెండు గెలల అరటికాయలు తరిగాను కాబట్టి ఆ జిగురు అంటుకుందనుకున్నాను. అరటికాయ కర చేతికంటితే ఎలా నల్లబడుతుందో వండేవాళ్ళందరికీ తెలుసు. చింతపండుతో రుద్దాను, నిమ్మచెక్కతో రుద్దాను, పోలేదు. ఇప్పుడది రూపాయి బిళ్ళంత ఉంది. గోధుమ రంగు, అంచు చుట్టూ కొంచెం ముదురు. నొప్పి లేదు, దురద లేదు, ఉబ్బు లేదు. చేత్తో తడిమితే మచ్చ ఉన్నట్టే తెలియదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఒక పూట పోతుంది, ఆ పూట జీతం పోతుంది. నొప్పే లేనిదానికి వెళ్ళడం అవసరమా? ఎవరికైనా ఇలా వచ్చిందా?

బర్కత్‌పుర_బాబాయి
కంగారు పడకమ్మా. నాకూ వచ్చింది. కాలేజీలో వాలీబాల్ ఆడే రోజుల్లో మడమ పక్కన నల్లగా చుక్కలు చుక్కలుగా లేచాయి. ఎగిరి దూకి ఆగేటప్పుడు చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లి, ఆ రక్తం పైపొరల్లో ఎండిపోయి నల్లబడుతుందని మా శిక్షకుడు చెప్పాడు. రోజంతా నిలబడే పని నీది, అదే అయి ఉంటుంది. స్నానం చేసేటప్పుడు గరుకు రాయితో రుద్దు, రెండు మూడు వారాల్లో రాలిపోతుంది. జీతం పోగొట్టుకోకు.

మల్లెతీగ
నొప్పి తెలియని మచ్చ అంటున్నారు కదా. మా వీధికి ఆశా కార్యకర్తలు వచ్చినప్పుడు సరిగ్గా ఇదే అడుగుతారు, ‘ఒంటి మీద మచ్చలున్నాయా’ అని. కుష్ఠు ఏమో చూపించుకోండి. భయపడాల్సిన పని లేదు, మందులు ఉచితంగా ఇస్తారు, పూర్తిగా తగ్గుతుంది.

పోపులడబ్బా
మల్లెతీగ గారూ, నేను సరిగ్గా చెప్పలేదు. మచ్చ నొప్పి పెట్టడం లేదు అన్నాను, అక్కడ తెలియడం లేదని కాదు. స్పర్శ ఉంది. ఇప్పుడే దూది పోగుతో తాకి చూశాను, చక్కిలిగింత పెట్టింది. నిన్న ఆవగింజ తొక్కితే కూడా అక్కడే గుచ్చుకుంది.

మల్లెతీగ
అయితే నేను తప్పుగా చదివాను. వాళ్ళు అడిగేది స్పర్శ లేని మచ్చ గురించే. పైగా ఆ మచ్చలు చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి గానీ ఎర్రగా గానీ ఉంటాయని చెప్పారు, నల్లగా ఉంటాయని చెప్పలేదు.

సూదీదారం
బాబాయి గారూ, ఏడు నెలలుగా పెరుగుతూ వస్తున్న మచ్చను రాయితో రుద్దమని చెప్పకండి, దయచేసి. మా నాన్న సంగతి రాస్తాను, చదవండి.

నాన్న బస్సు డ్రైవరు. 58 ఏళ్ళప్పుడు కుడి మడమ కింద నల్లటి మచ్చ వచ్చింది. ఆనెకాయ అనుకున్నారు. మందుల షాపులో దొరికే ఆనె పట్టీలు నెలల తరబడి అంటించారు. మా వీధి చివర ఉండే డాక్టరు రెండుసార్లు బ్లేడుతో పైన చెక్కి పంపించాడు. ఒక్కసారి కూడా నొప్పి అనలేదు నాన్న. అందుకే ఇంట్లో మేమూ పట్టించుకోలేదు. 14 నెలల తర్వాత దాని మధ్యలో పుండులా అయి, సాక్సుకు రసి అంటుకోవడం మొదలైంది. అప్పుడు ముక్క తీసి పరీక్షకు పంపిస్తే మెలనోమా అన్నారు, రంగు తయారుచేసే కణాలకు వచ్చే క్యాన్సర్. అప్పటికే గజ్జల్లో బిళ్ళ కట్టింది. మడమ కింద చర్మమంతా తీసి తొడ చర్మం అతికించారు. గజ్జల్లో గ్రంథులు కూడా తీశారు. రెండేళ్ళు ఉన్నారు.

నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదు అన్న మాట మా ఇంట్లో ఎన్నిసార్లు అనుకున్నామో లెక్కలేదు.

తార్నాక_శేఖర్
సూదీదారం గారూ, మీ నాన్నగారి గురించి చదివి బాధ కలిగింది. అయినా 24 ఏళ్ళ అమ్మాయిని ఇంతగా భయపెట్టడం అవసరమా? చర్మ క్యాన్సర్ ఎండకు తెల్లవాళ్ళకు వచ్చే జబ్బని విన్నాను. అరికాలికి ఎండ ఎక్కడ తగులుతుంది?

సూదీదారం
సరిగ్గా ఈ మాటే మేమూ అనుకున్నాం శేఖర్ గారూ. అరికాలికి, అరచేతికి, గోరు కిందకి వచ్చే రకానికి ఎండతో పని లేదట. మనలాంటి రంగువాళ్ళలో మెలనోమా వస్తే ఎక్కువగా వచ్చేది ఆ చోట్లలోనే అని మాకు ఆసుపత్రిలో చెప్పారు. గాయకుడు బాబ్ మార్లే పేరు వినే ఉంటారు. ఆయనకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది, 1981లో పోయాడు, 36 ఏళ్ళకే.

స్లైడు_మాస్టారు
చర్మ విభాగం ల్యాబులో టెక్నీషియన్‌గా 19 ఏళ్ళు పనిచేశాను. నేను డాక్టరును కాను, ఫోటో కూడా చూడలేదు, కాబట్టి అది ఏమిటో చెప్పను. డాక్టరు ఎలా తేల్చుకుంటారో మాత్రం చెప్తాను, అప్పుడు ఎందుకు వెళ్ళాలో అర్థమవుతుంది.

అరికాలి చర్మం దున్నిన చేనులా ఉంటుంది. గట్లు, వాటి మధ్య చాళ్ళు. వేలిముద్రలో కనిపించేవి కూడా ఇవే. చెమట రంధ్రాలు గట్ల మీద ఉంటాయి. చర్మ వైద్యుల దగ్గర డెర్మోస్కోప్ అనే చిన్న భూతద్దం ఉంటుంది, దానికే దీపం అమర్చి ఉంటుంది. దానితో చూస్తే రంగు ఎక్కడ కూర్చుందో తెలుస్తుంది. మామూలు పుట్టుమచ్చ అయితే రంగు ఎక్కువగా చాళ్ళ వెంట సన్నటి గీతల్లా పారుతుంది. మెలనోమా అయితే గట్ల మీద వెడల్పు పట్టీల్లా కూర్చుంటుంది. బాబాయి గారు చెప్పిన ఎండిన రక్తం అయితే ఎరుపు కలిసిన నల్లటి గుండ్రటి చుక్కల్లా కనిపిస్తుంది. ఆయన చెప్పింది లేని జబ్బు కాదు, ఆటగాళ్ళకు వస్తుంది. కానీ అది సాధారణంగా మడమ అంచున వస్తుంది, చర్మం అరిగేకొద్దీ వారాల్లో పోతుంది. అరికాలి గుంటలో ఏడు నెలలపాటు పెరుగుతూ ఉండదు.

ఇక నాలుగోది ఉంది. గట్లనీ చాళ్ళనీ లెక్కచేయకుండా అడ్డదిడ్డంగా సన్నటి గోధుమరంగు పోగులు కనిపిస్తే అది ఒక రకం ఫంగస్. అది చర్మం పైపొరలోనే ఉంటుంది.

ఈ నాలుగూ మామూలు కంటికి ఒకేలా ఉండవచ్చు. 24 ఏళ్ళకు అరికాలి మెలనోమా అరుదు, ఎక్కువగా యాభై దాటినవాళ్ళలోనే చూశాను. అయినా అరుదు అంటే రాదని కాదు. అరికాలిలో కొత్తగా వచ్చిన మచ్చ 7 మిల్లీమీటర్లు దాటితే, పరీక్ష చేసి ఇది ఫలానా అని ఖాయం చేసుకోకుండా వదలరు. మీది 20 దాటింది.

వెళ్ళేదాకా రాయి, బ్లేడు, పసుపు, ఏదీ పెట్టకండి. రంగు చెరిగితే చూసేవాళ్ళకు కష్టం. ఇంతకుముందు ఏమైనా పూసి ఉంటే ఆ ట్యూబు పట్టుకెళ్ళండి.

పోపులడబ్బా
ట్యూబు పూశాను మాస్టారూ. ఇంతకుముందు రాయలేదు. సెప్టెంబరులో మందుల షాపు అబ్బాయికి చూపిస్తే ‘తామర అయి ఉంటుంది’ అని ఒకటి ఇచ్చాడు. మూడు వారాలు రాశాను. మొదట కొంచెం పాలిపోయినట్టు అనిపించింది, మానేశాక ముందుకంటే వెడల్పుగా వచ్చింది. ట్యూబు మీద చాలా చిన్న అక్షరాల్లో నాలుగు మందుల పేర్లు ఉన్నాయి, మొదటిది క్లోబెటసాల్.

స్లైడు_మాస్టారు
అది గట్టి స్టెరాయిడ్. ఫంగస్ మందుతో కలిపి ఒకే ట్యూబులో అమ్ముతారు. ఆ చోట చర్మానికి ఉన్న కాపలాను తగ్గిస్తుంది కాబట్టి, ఫంగస్ ఉంటే అది నిదానంగా పాకడానికి వీలవుతుంది. ఆ ట్యూబు మళ్ళీ రాయకండి. డాక్టరుకు తప్పకుండా చూపించండి, దాచకండి.

కూకట్‌పల్లి_కావ్య
మా పిన్నికి కాలి మీద నల్లటి మచ్చ వస్తే షుగరు అని తేలింది. షుగరు పరీక్ష చేయించుకో చెల్లీ.

తార్నాక_శేఖర్
కావ్య గారూ, షుగరుకు మోకాలి కింద కాలి ముందువైపు వచ్చే గోధుమ మచ్చలు వేరు. ఆ అమ్మాయి చెప్పేది అరికాలి గురించి.

కూకట్‌పల్లి_కావ్య
పిన్నికి ఎక్కడ వచ్చిందో నాకు గుర్తులేదు. అయినా పరీక్ష చేయించుకుంటే పోయేదేముంది.

మల్లెతీగ
పోపులడబ్బా గారూ, ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ పొద్దున్నే రాస్తారు. ఎనిమిదింటికల్లా వరుసలో నిలబడితే మధ్యాహ్నం వంటకు అందుకోవచ్చు. ఆ ఒక్క రోజు ఉదయం టిఫిను ఉప్మా పెట్టేయండి, ఎవరైనా కలుపుతారు.

పోపులడబ్బా
మా మెస్‌లో ఉప్మా అంటే పిల్లలు అలిగి బయట తినివస్తారు. అయినా గురువారం వెళ్తాను. మెస్ యజమాని భార్య తనే నిలబడతానన్నారు, ఆ పూట జీతం కూడా కోయనన్నారు. అడగడానికే ఇన్నాళ్ళు జంకాను.

సూదీదారం
వెళ్ళివచ్చి రాయండి. నేను రోజూ ఈ పేజీ తెరిచి చూస్తాను.

పోపులడబ్బా
వెళ్ళాను. మొత్తం రాస్తాను, ఎందుకంటే మాస్టారు చెప్పినవన్నీ కళ్ళారా చూశాను.

డాక్టరమ్మ ముందు పాదాలు రెండూ, అరచేతులు, గోళ్ళు, చివరికి గజ్జల్లో బిళ్ళలున్నాయా అని కూడా చూశారు. మచ్చను స్పిరిట్ దూదితో గట్టిగా తుడిచారు, రంగు దూదికి అంటలేదు. తర్వాత చల్లటి జెల్ ఒక బొట్టు వేసి ఆ భూతద్దం ఆనించారు. దానికి ఫోను బిగించి ఉంది, తెర నావైపు తిప్పి చూపించారు. నా కాలి గట్లు నిజంగా దుక్కి దున్నిన చాళ్ళలాగే ఉన్నాయి. వాటి మీద అడ్డంగా, నిలువుగా, ఇష్టం వచ్చినట్టు సన్నటి గోధుమరంగు పోగులు. ఒకసారి చూసి ఊరుకోలేదు, మచ్చ అంచు చుట్టూ జరుపుతూ గట్ల మీద పట్టీలు ఎక్కడైనా ఉన్నాయేమోనని చాలాసేపు వెతికారు.

ట్యూబు చూపించాను. తిట్టలేదు. ఎన్ని రోజులు రాశావు, ఎప్పుడు ఆపావు అని రాసుకున్నారు.

తర్వాత బ్లేడును పడుకోబెట్టి మచ్చ మీద మెల్లగా గీకారు. రక్తం రాలేదు, నొప్పి లేదు, సన్నటి పొట్టు గాజు పలక మీద రాలింది. కొబ్బరి కోరినప్పుడు చివర్లో గోధుమ రంగు పొట్టు వస్తుందే, అలా ఉంది. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, అరికాలి చర్మం మందం కాబట్టి కరగడానికి సమయం పడుతుందని అరగంట బయట కూర్చోమన్నారు. ఆ అరగంట నాకు ఏమీ తోచలేదు. సూదీదారం అక్క వాళ్ళ నాన్నగారే గుర్తుకొచ్చారు.

పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమన్నారు. నేతిలో వేయించిన సేమియా ముక్కలు చల్లినట్టున్నాయి. కణుపులు కణుపులుగా, సరిగ్గా ఆ రంగులో. మామూలు తామర ఫంగస్ అయితే రంగు లేకుండా గాజు పోగుల్లా ఉంటుందట. ఇది మాత్రం తనంతట తానే గోధుమ రంగులో ఉంటుందట. పేరు టీనియా నైగ్రా అని చీటీ మీద రాశారు.

కీటోకొనజోల్ పూత మందు రోజుకు రెండుసార్లు, మచ్చ అంచు దాటి ఒక వేలు వెడల్పు వరకు, నాలుగు వారాలు. మాత్రలు అక్కర్లేదన్నారు. ముందే పోయినా మధ్యలో మానవద్దన్నారు. నాలుగు వారాలకు మచ్చ పూర్తిగా పోకపోతే ముక్క తీసి పరీక్షకు పంపిస్తాం, ఆ రోజు రాకుండా మాత్రం ఉండవద్దని రెండుసార్లు చెప్పారు.

సూదీదారం
చదువుతుంటే కళ్ళనీళ్ళు ఆగలేదమ్మా. ఒక్క మాట మాత్రం అడగనివ్వండి. ఈ రోజే ముక్క తీసి పరీక్షకు పంపించవచ్చు కదా? నాలుగు వారాలు ఆగడం ఎందుకు? మాకు మొదట్లోనే తీసి ఉంటే అన్న మాట నన్ను వదలదు.

స్లైడు_మాస్టారు
మీ ప్రశ్న న్యాయమైనదే. మీ నాన్నగారికి ఏ పరీక్షా లేకుండా ఆనెకాయ అన్నారు, తేడా అక్కడ ఉంది. ఇక్కడ భూతద్దంలో పోగులు కనిపించాయి, స్లైడులో ఫంగస్ కళ్ళ ముందు ఉంది, గట్ల మీద పట్టీలు లేవు. మూడూ ఒకే మాట చెప్తున్నాయి. అరికాలిలో కోస్తే కుట్లు మానేదాకా కాలు ఆనించకూడదు, తర్వాత కూడా ఆ కుట్ల మచ్చ నడిచేటప్పుడు గుచ్చుకోవచ్చు. రోజుకు పదిహేను గంటలు నిలబడే మనిషికి అది చిన్న విషయం కాదు. ఈ ఫంగస్‌ను మెలనోమా అనుకుని కోసేసిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. దీన్ని ఒక నెల మందు తేల్చేస్తుంది. తేల్చకపోతే అప్పుడు ముక్క తీయాల్సిందే, అందులో రాజీ లేదు.

సూదీదారం
మీరు చెప్పింది అర్థమైంది. అయినా నేనైతే తీయించుకునేదాన్ని.

బర్కత్‌పుర_బాబాయి
గరుకు రాయి మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. నా మడమకు అది పనిచేసింది కాబట్టి అందరికీ అదే అనుకున్నాను. ఇంతకీ ఈ ఫంగస్ నీ కాలికి ఎక్కడి నుంచి వచ్చింది? మెస్‌లో మిగతావాళ్ళకు అంటుతుందా?

స్లైడు_మాస్టారు
ఒకరి నుంచి ఒకరికి అంటినట్టు నేను చూడలేదు. దీనికి ఉప్పంటే ఇష్టం. ఇతర ఫంగస్‌లు బతకలేనంత ఉప్పులో ఇది హాయిగా పెరుగుతుంది, ఉప్పు మడుల్లో, సముద్రపు ఒడ్డున దొరుకుతుంది. మట్టిలో, కుళ్ళిన చెక్కలో కూడా ఉంటుంది. చర్మం మీద చిన్న గీత ఉంటే చాలు, చేరిపోతుంది. కొన్ని వారాల తర్వాత మచ్చ కనిపిస్తుంది. పోపులడబ్బా గారూ, మేలో ఏం చేశారో గుర్తుందా?

పోపులడబ్బా
మేలో ఆవకాయ పెట్టాం! హాస్టలుకు ఏడాది సరిపడా, 60 కిలోల ముక్క. కల్లుప్పు బస్తాలు నేల మీద విప్పి, దంచి, జల్లించి, మూడు రోజులు ఆ ఉప్పునీటి తడిలోనే వట్టికాళ్ళతో తిరిగాను. ముక్కలు కొట్టేటప్పుడు టెంక పెంకు ఒకటి ఆ కాలికే గుచ్చుకుంది. కానీ అదే నెలలో సూర్యలంక కూడా వెళ్ళాం, ఇసుకలో పొద్దంతా నడిచాను. ఏది అని ఎలా చెప్పడం?

కూకట్‌పల్లి_కావ్య
ఉప్పే అయితే మా అమ్మమ్మ యాభై ఏళ్ళు పచ్చళ్ళు పెట్టింది. ఆవిడకు ఎన్నడూ రాలేదు. సముద్రమే అయి ఉంటుంది.

మల్లెతీగ
మీ అమ్మమ్మ గారు పీట మీద కూర్చుని కలిపి ఉంటారు కావ్య గారూ, తడిలో నిలబడి కాదు.

స్లైడు_మాస్టారు
మచ్చను చూసి అది ఏ ఉప్పు నుంచి వచ్చిందో చెప్పలేం. ఎవరికి పడుతుంది, ఎవరికి పట్టదు అనేదీ అంతే. అరికాళ్ళు ఎక్కువ చెమటపట్టేవాళ్ళలో కాస్త ఎక్కువగా చూశాను.

పోపులడబ్బా
నాకు అరికాళ్ళు విపరీతంగా చెమటపడతాయి.

పోపులడబ్బా
నాలుగు వారాలు నిన్నటితో పూర్తయ్యాయి. రూపాయి బిళ్ళ పక్కన పెట్టి వారానికోసారి ఫోటో తీశాను. మొదటి వారం ఏమీ మారలేదు, భయం వేసింది. తొమ్మిదో రోజున మధ్యలో చర్మం రంగు తేలింది. పదహారో రోజుకు ఉంగరంలా అంచు మాత్రమే మిగిలింది. ఇరవై ఒకటో రోజుకు అది కూడా లేదు.

డాక్టరమ్మ మళ్ళీ భూతద్దంతో చూశారు. గట్లు, చాళ్ళు శుభ్రంగా ఉన్నాయి, ఒక్క పోగు లేదు. గీకి స్లైడు కూడా చూశారు, ఏమీ రాలేదు. అయితే రెండు పాదాలూ చూస్తూ కుడి చిటికెనవేలి కింద చిన్న పుట్టుమచ్చ పట్టుకున్నారు, 3 మిల్లీమీటర్లు, రంగంతా చాళ్ళలోనే ఉందట. నాకది ఉన్నట్టే తెలియదు. దాన్ని ఫోటో తీసి నా చీటీకి జతచేశారు, ఆరు నెలల తర్వాత ఒకసారి పోల్చి చూద్దామన్నారు.

సూదీదారం
ఆ ఆరు నెలల తేదీ నాకు కూడా చెప్పండి. నేను గుర్తుచేస్తాను.

పోపులడబ్బా
ఆగస్టు చివరి వారం, అక్కా.

ఇంకొకటి అడగాలి. ఇకపై వంటగదిలో చెప్పులు వేసుకుందామనుకుంటున్నాను, మళ్ళీ ఆవకాయ రోజులు దగ్గరపడుతున్నాయి. మామూలు రబ్బరు చెప్పులు గంజి పడితే జారుతున్నాయి. మరిగే డేగిసా దించేటప్పుడు జారితే ప్రాణం మీదికొస్తుంది. పెద్ద వంటలు చేసేవాళ్ళు ఏవి వాడుతున్నారు?

బర్కత్‌పుర_బాబాయి
మా తోడల్లుడు పెళ్ళిళ్ళకు వండుతాడు. అడుగున లోతుగా గాళ్ళున్న, వేళ్ళ దగ్గర మూసి ఉండే రబ్బరు బూట్లు వాడతాడు. ఎక్కడ కొన్నాడో రాత్రికి కనుక్కొని రాస్తాను. నీ పాదం కొలత ఎంతమ్మా?

పోపులడబ్బా
5, బాబాయి గారూ.